ఒకే బఫర్‌కు రెండు డిలేలు ఎలా ఉంటాయి? ఓసీవీ డీరేట్లపై చర్చ

తొలిటేపౌట్:
నేను చూస్తున్న సెటప్ రిపోర్టులో ఒకే క్లాక్ బఫర్ రెండు చోట్ల కనిపిస్తోంది. లాంచ్ వైపు దాని డిలే 21 పికోసెకన్లు, క్యాప్చర్ వైపు 19. డీరేట్ తీసేస్తే రెండు చోట్లా 20. ఒకే వస్తువు నెమ్మదిగానూ వేగంగానూ ఎలా ఉంటుంది? స్లో కార్నర్ అంటేనే అన్నీ నెమ్మదిగా ఉన్నాయని కదా? ఇది లేని ప్రమాదాన్ని ఊహించుకోవడం కాదా?

రెండుకొసలు:
ఇందులో వింతేమీ లేదండి. తయారై వచ్చే చిప్పు నెమ్మదైనదీ కావచ్చు, వేగమైనదీ కావచ్చు. డేటా ఆలస్యంగా చేరితే సెటప్ పోతుంది కనుక దానిని స్లో కార్నర్‌లో చూస్తాము, తొందరగా చేరితే హోల్డ్ పోతుంది కనుక దానిని ఫాస్ట్ కార్నర్‌లో చూస్తాము. ఒకే పాత్‌ను రెండు విధాలుగా పరీక్షించడానికి కారణం ఇంతే.

గడియారపుచెట్టు:
రెండుకొసలు గారు చెప్పినది నిజమే కాని అడిగిన ప్రశ్న అది కాదు. కార్నర్ అనేది ఒక చిప్పుకూ మరొక చిప్పుకూ ఉండే తేడాను పట్టుకుంటుంది. తొలిటేపౌట్ గారి రిపోర్టులో ఉన్నది ఒకే కార్నర్, ఒకే చిప్పు. ఆ చిప్పు లోపలే పక్కపక్కన ఉన్న రెండు ఒకేలాంటి బఫర్ల డిలే కూడా సరిగ్గా ఒకటిగా ఉండదు. ఒక ట్రాన్సిస్టర్‌లో పడిన డోపెంట్ అణువుల సంఖ్య పక్కదానిలో పడదు, గేటు అంచు ఒకచోట కొంచెం గరుకుగా వస్తుంది, ఒక మూలన కరెంటు ఎక్కువగా లాగే బ్లాకు ఉంటే అక్కడ వోల్టేజీ కాస్త పడిపోతుంది. అందుకే చిప్పు మొత్తం నెమ్మదైనదే అయినా, దానిలో కొన్ని సెల్స్ మిగతావాటికంటే వేగంగా ఉంటాయి. చిప్పు లోపలి ఈ తేడానే ఓసీవీ అంటాము.

సెటప్ పరీక్ష నిజానికి ఒక పందెం వంటిది. లాంచ్ క్లాక్, దాని వెనుక డేటా ఒక వైపు పరుగెడతాయి, క్యాప్చర్ క్లాక్ మరొక వైపు పరుగెడుతుంది. రెండు వైపులా ఒకే నిష్పత్తిలో నెమ్మదిస్తే కలిగే నష్టాన్ని స్లో కార్నరే చూపిస్తుంది. అది చూపించని ప్రమాదం వచ్చేది లాంచ్ వైపు నెమ్మదించి క్యాప్చర్ వైపు వేగంగా ఉన్నప్పుడే. డిలేలను గుణించే డీరేట్ అంకెలతో టూలుకు మనం చెప్పేది ఆ సంగతే:

```
set_timing_derate -late 1.05
set_timing_derate -early 0.95
```

ఒక ఉదాహరణ తీసుకుందాము. పీరియడ్ 1000 పికోసెకన్లు. రెండు ఫ్లాపులకూ ఉమ్మడిగా వచ్చే క్లాక్ దారి 400, అక్కడ చీలిన తరువాత లాంచ్ కొమ్మ 100, క్యాప్చర్ కొమ్మ 120. క్లాక్ నుంచి క్యూ వరకు పట్టే సమయాన్ని కలుపుకొని డేటా డిలే 900, సెటప్ అవసరం 40. డీరేట్ లేకుండా డేటా 1400కు చేరుతుంది, గడువు 1480, స్లాక్ 80. డీరేట్ పెడితే డేటా 1470కు చేరుతుంది. గడువు వైపు 520కి బదులు 494 వస్తుంది, సెటప్ అవసరాన్ని ఈ ఆదేశం కదిలించదు కనుక గడువు 1454 అవుతుంది. స్లాక్ మైనస్ 16.

హోల్డ్‌లో పాత్రలు తారుమారవుతాయి. అవే రెండు ఫ్లాపుల మధ్య 60 పికోసెకన్ల పొట్టి డేటా దారి కూడా ఉందనుకోండి, హోల్డ్ అవసరం 10 అనుకోండి. డీరేట్ లేకపోతే స్లాక్ 30. డీరేట్ పెడితే డేటా 532కే వచ్చేస్తుంది, అది 556 వరకు ఆగవలసి ఉంది. స్లాక్ మైనస్ 24. సెటప్‌లో నెమ్మది అనుకున్న లాంచ్ కొమ్మనే ఇక్కడ వేగం అనుకున్నాము. ఏది తప్పుతుందో ముందుగా తెలియదు కనుక ప్రతి పరీక్షా తనకు కీడు చేసే కలయికనే ఎంచుకుంటుంది.

ఇక మీ అసలు అభ్యంతరం. చీలిక తరువాతి కొమ్మలు వేరు వేరు బఫర్లు కనుక ఒకటి నెమ్మదిగా, మరొకటి వేగంగా ఉండవచ్చు. ఉమ్మడి దారిలోని బఫర్ మాత్రం రెండూ కాలేదు. అక్కడ మీరు పూర్తిగా సరైనవారే. ఆ 400 మీద లెక్కలో చేరిన అబద్ధం 420కీ 380కీ తేడా, అంటే 40 పికోసెకన్లు. టూలు ముందు ఆ అబద్ధం చెప్పి, చివర దిద్దుకుంటుంది. రిపోర్టు అడుగున `clock reconvergence pessimism` అనే వరుస ఉందేమో చూడండి. అదే సీఆర్‌పీఆర్. ఆ 40 క్రెడిట్‌గా తిరిగి వస్తే సెటప్ ప్లస్ 24, హోల్డ్ ప్లస్ 16 అవుతాయి. ఆ వరుసే లేకపోతే ఈ సెట్టింగ్ ఆపి ఉందేమో చూసుకోండి:

```
set timing_remove_clock_reconvergence_pessimism true
```

నికరలెక్క:
ఉమ్మడి దారి సంగతి ఒప్పుకుంటాను. కాని మిగిలిన దారి మీద కూడా ఈ లెక్క నిలవదు. మీ 900 పికోసెకన్ల డేటా దారిలో పదహారు గేట్లు ఉన్నాయనుకుందాము. పదహారూ ఒకేసారి నెమ్మదించి, అదే క్షణాన క్యాప్చర్ కొమ్మలోనివన్నీ వేగం పుంజుకోవాలి. అది జరిగే పని కాదు, కొన్ని ఇటు వంగితే కొన్ని అటు వంగి సర్దుకుంటాయి. పైగా స్లో కార్నర్ మోడల్ ఇప్పటికే చెడ్డ ట్రాన్సిస్టర్లతో చేసినది. దాని మీద మళ్లీ 1.05 అంటే చేసిన లెక్కనే రెండోసారి చేయడం. నా మాట ఏమిటంటే, ఏకరూప డీరేట్ ఎప్పుడూ అతిజాగ్రత్తే, స్లో కార్నర్‌లో దానిని తీసివేయవచ్చు.

గడియారపుచెట్టు:
“ఎప్పుడూ” అన్నచోటే మీ వాదం జారింది. ఒక్కో గేటులోని యాదృచ్ఛిక తేడా సిగ్మా 5 శాతం అనుకోండి. పదహారు ఒకేలాంటి గేట్ల దారిలో అది వర్గమూలం చొప్పున తగ్గి 1.25 శాతానికి దిగుతుంది, మూడు సిగ్మాలకు 3.75 శాతం. కనుక పొడవైన దారి మీద 5 శాతం ఎక్కువే, అక్కడ మీతో నాకు పేచీ లేదు. కాని హోల్డ్ పోయేది ఒకటి రెండు గేట్లున్న దారుల్లో. ఒకే గేటుకు మూడు సిగ్మాలు అంటే 15 శాతం. మీరు అతిజాగ్రత్త అంటున్న ఆ 5 శాతమే అక్కడ చాలదు! పొడవు దారిని అనవసరంగా శిక్షించి, పొట్టి దారిని ఊరికే వదిలేయడమే ఏకరూప డీరేట్‌లోని అసలు దోషం. గేట్ల సంఖ్యను బట్టి డీరేట్ మార్చే ఏఓసీవీ, ప్రతి సెల్‌కూ సిగ్మా ఇచ్చి వర్గాలుగా కూడే పీఓసీవీ వచ్చింది అందుకే. ఇది యాదృచ్ఛిక భాగానికి మాత్రమే వర్తిస్తుందని మరువకండి. ఒక మూలన వోల్టేజీ పడితే ఆ మూలనున్న పదహారు గేట్లూ కలిసే నెమ్మదిస్తాయి, అక్కడ సర్దుబాటు జరగదు.

రెండోసారి లెక్క అన్న మాటలో సగం నిజముంది. చిప్పు లోపలి తేడాలను కూడా కలుపుకొని చేసిన ఎస్ఎస్ కార్నర్ అయితే, దాని మీద పూర్తి లేట్ డీరేట్ పెట్టడం రెట్టింపు శిక్షే. చిప్పుల మధ్య తేడాను మాత్రమే పట్టుకునే ఎస్ఎస్‌జీ కార్నర్ అయితే, లోపలి తేడాను మనమే విడిగా కలపాలి. అయినా మొదటి దానిలో కూడా ఎర్లీ డీరేట్ తీయడానికి వీల్లేదు. అన్నీ చివరి అంచు వరకు నెమ్మదించాయని చెప్పిన మోడల్, క్యాప్చర్ కొమ్మ అంతకంటే కొంచెం వేగంగా ఉండే అవకాశాన్ని చూడదు కదా.

బఫర్లమేస్త్రి:
సీఆర్‌పీఆర్ ఆన్‌లో ఉంటే చాలునని అనుకునేవారి కోసం నా అనుభవం చెబుతాను. ఒక బ్లాకులో క్లాక్ చెట్టు వేయగానే వేల హోల్డ్ తప్పులు వచ్చాయి. స్క్యూ చూస్తే దాదాపు సున్నా. నేను యథాలాపంగా డేటా దారుల్లో డిలే బఫర్లు పెట్టుకుంటూ పోయాను. హోల్డ్ తగ్గింది, కాని ఆ బఫర్ల గుండానే వెళ్లే పొడవు దారుల్లో సెటప్ పోయింది. రెండు వారాలు ఇటు తీసి అటు పెట్టాక గాని ఒక రిపోర్టును చివరి వరకు చదవలేదు, అది నా తప్పే. క్రెడిట్ వరుసలో ఉండవలసిన అంకె చాలా చిన్నదిగా ఉంది. క్లాక్ గేట్‌ను ఎవరో చెట్టు పైభాగంలోనే రెండుగా క్లోన్ చేశారు. మాట్లాడుకునే ఫ్లాపులు రెండు క్లోన్ల కిందకు విడిపోయాయి, ఉమ్మడి దారి దాదాపు పోయింది.

గడియారపుచెట్టు గారి అంకెలతోనే చూడండి. ఉమ్మడి 400 స్థానంలో 100 పెట్టి, కొమ్మలను 400, 420 చేయండి. మొత్తం డిలేలు మారలేదు, స్క్యూ మారలేదు. క్రెడిట్ మాత్రం 40 నుంచి 10కి పడిపోయి, సెటప్ మైనస్ 6, హోల్డ్ మైనస్ 14 అవుతాయి. ఆ ఫ్లాపులను ఒకే క్లోన్ కిందికి తెచ్చాక చాలావరకు బఫర్లు తీసివేయగలిగాము.

రెండుకొసలు:
అంటే టూలు అక్కడ అనవసరంగా భయపడిందనే కదా? క్లోన్లు రెండూ ఒకే రకం సెల్ కదా.

బఫర్లమేస్త్రి:
కాదండి. ఒకే రకం సెల్ అయినా అవి వేరు వేరు చోట్ల ఉన్న రెండు సెల్స్, ఒకటి నెమ్మదించి మరొకటి నెమ్మదించకపోవచ్చు. టూలు చెప్పినది నిజమైన ప్రమాదమే, దానిని తెచ్చుకున్నది మేము. హోల్డ్ పోతే ఫ్రీక్వెన్సీ తగ్గించి కూడా ఆ చిప్పును కాపాడుకోలేము, అందుకే సెటప్‌లోని మైనస్ 6 కంటే ఆ మైనస్ 14కు నేను ఎక్కువ భయపడతాను.

తొలిటేపౌట్:
ఇప్పుడు రిపోర్టు అర్థమైంది, కాని కొత్త సందేహం వచ్చింది. హోల్డ్‌లో రెండు వైపులా పరుగెత్తేది ఒకే క్లాక్ అంచు. సెటప్‌లో లాంచ్ అంచు ముందు వెళ్తుంది, క్యాప్చర్ అంచు ఒక పీరియడ్ తరువాత అదే బఫర్ గుండా వెళ్తుంది. ఆ లోపల బఫర్ డిలే మారదని ఎవరు చెప్పారు? అలాంటప్పుడు సెటప్‌లో మొత్తం క్రెడిట్ తిరిగి ఇవ్వడం న్యాయమేనా?

నికరలెక్క:
ఒక నానోసెకనులో డోపెంట్ అణువులు కదలవు, ఉష్ణోగ్రత మారదు. మిగిలిన చిన్నాచితకాను క్లాక్ అన్‌సర్టెన్టీ చూసుకుంటుంది. క్రెడిట్ మొత్తం ఇవ్వవలసిందే.

గడియారపుచెట్టు:
అణువులు కదలవు, నిజమే. వోల్టేజీ కదులుతుంది. మొదటి అంచు వెళ్లగానే వేల ఫ్లాపులు ఒక్కసారిగా కరెంటు లాగితే, రెండో అంచు వచ్చేసరికి అదే బఫర్ కింద వోల్టేజీ వేరుగా ఉండవచ్చు. పక్క తీగ వల్ల వచ్చే క్రాస్‌టాక్ కూడా ప్రతి సైకిల్‌లో ఒకేలా ఉండదు. క్రాస్‌టాక్ విషయంలో టూలు ఈ భేదం పాటిస్తుంది, హోల్డ్‌లో ఆ భాగానికీ క్రెడిట్ ఇస్తుంది, సెటప్‌లో ఇవ్వదు. వోల్టేజీ తేడాను మాత్రం చాలామంది డీరేట్‌లోనే కలిపేస్తారు, అప్పుడు సీఆర్‌పీఆర్ దానిని కూడా తిరిగి ఇచ్చేస్తుంది. మేము ఆ భాగాన్ని విడదీసి సెటప్ అన్‌సర్టెన్టీలో పెడతాము. ఎంత పెట్టాలన్న దానిపై మా బృందంలోనే ఏకాభిప్రాయం లేదు.

నికరలెక్క:
అన్‌సర్టెన్టీలో ఇప్పటికే పీఎల్ఎల్ జిట్టర్‌కు ఉదారంగా ఇచ్చారు, మళ్లీ ఇదొకటా? నేను ఒప్పుకోను.

తొలిటేపౌట్:
వాదన తేలకపోయినా నాకు ఒక గుర్తు దొరికింది. ఒకే ఫ్లాపుల జంటకు రెండు రిపోర్టులూ తీశాను. సెటప్‌లో క్రెడిట్ 31, హోల్డ్‌లో 34. ఉమ్మడి దారిలో ఒక తీగ పక్కన పొడవైన డేటా బస్సు వెళ్తోంది, దాని క్రాస్‌టాక్ భాగం సరిగ్గా 3 చూపిస్తోంది.