అప్‌డేట్: 30 మీటర్ల వాచీలోకి కాలువ నీరు ఎలా చేరింది

నా ప్రశ్న: "వాచీ వెనక '3 బార్, 30 మీటర్లు' అని ఉంది. మా కాలువ నిలువెత్తు లోతైనా ఉండదు. అందులో ఈదితే అద్దం లోపల ఆవిరి ఎందుకు పట్టింది?"

అప్‌డేట్: అమలాపురంలో వాచీలు బాగుచేసే పెద్దాయన మూత విప్పి చూపించారు. కీ చుట్టూ ఉండే సన్నని రబ్బరు రింగు నాలుగేళ్ల చెమటకు గట్టిపడి ఒకచోట చిట్లింది. ఆ 30 మీటర్లు మనం దిగగల లోతు కాదు. కొత్త వాచీ పరీక్షలో కదలికలేని ఒత్తిడిని కొద్దిసేపు తట్టుకుందని చెప్పే గుర్తు మాత్రమే.

చేతి విసురుకు ఒత్తిడి బాగా పెరుగుతుందని చాలామంది అన్నారు గాని, సెకనుకు 5 మీటర్ల వేగానికైనా పెరిగేది 0.125 బార్ మాత్రమే. నన్ను ముంచింది వేరు: మే నెల ఎండలో గట్టు మీద కాలిన వాచీతో చల్లటి నీటిలోకి దూకగానే, లోపలి గాలి సంకోచించి ఆ చిట్లిన చోటు నుంచి నీటిని పీల్చుకుంది.

రింగులు మార్చాక ఆయన వాచీని సుమారు 40 డిగ్రీల వెచ్చని పలకపై ఉంచి, అద్దంపై చల్లని నీటి చుక్క వేసి, నిమిషం తర్వాత తుడిచి చూశారు. లోపల తేమ ఉంటే అక్కడ మసక కనిపించేది, కనిపించలేదు. అయినా ఇది వాన జల్లుకూ, చేతులు కడుక్కోవడానికీ మాత్రమేనని, ఈతకైతే 100 మీటర్ల గుర్తున్నది కొని, రింగులను ఏటా పరీక్ష చేయించమని చెప్పారు.