అప్‌డేట్: ఒక డెవలపర్ మానేస్తే అసలు ఎంత పోతుంది?

నా ప్రశ్న: విజయనగరంలో మాది చిన్న ఐటీ సర్వీసెస్ కంపెనీ. ఒకరు మానేస్తే నిజంగా ఎంత నష్టం? అందరికీ జీతాలు పెంచి ఆపడం గిట్టుతుందా?

సాయం చేసిన అందరికీ థాంక్స్. బిల్లింగ్ చూడమన్న సలహాయే పనికొచ్చింది. ఒక డెవలపర్ పనికి క్లయింట్ ఇచ్చే బిల్లింగ్ నెలకు 1,20,000, అతని జీతం 50,000. సీటు ఖాళీగా ఉన్న నెలలో జీతం మిగిలింది కాబట్టి పోయింది 70,000. నేను మొత్తం బిల్లింగ్‌ను నష్టంగా రాసుకున్నాను, మా ఆడిటర్ గారు సరిచేశారు. అసలు దెబ్బ తర్వాతి నెలది. కొత్తవాళ్లు పని నేర్చుకుంటుంటే క్లయింట్ డబ్బివ్వడు, మనం 60,000 జీతం ఇవ్వాలి. రావలసిన 70,000 కూడా పోయింది, అంటే 1,30,000. కొత్తవాళ్లను వెతికిపెట్టిన కన్సల్టెన్సీ ఫీజు 60,000తో మొత్తం 2,60,000.

పదిమందికి నెలకు 5,000 పెంచితే ఏడాదికి 6 లక్షలు, అది గిట్టాలంటే కనీసం ముగ్గురు ఆగాలి. నిరుడు వెళ్లిన నలుగురిలో ఇద్దరివి ఇంటి కారణాలు, జీతం పెంచినా ఆగేవారు కాదు. అందుకే కీలకమైన ముగ్గురికే, ఏడాది నిండాక తలా 60,000 బోనస్ పెట్టాం. ఒక్కరు ఆగినా గిట్టుతుంది.