సామెతల పరీక్షతో తెలుగు వచ్చో రాదో తేలుతుందా?

సంపుటి: మా చిన్న ప్రచురణ సంస్థ కోసం తెలుగు కథలను ఇంగ్లీషులోకి అనువదించేవారిని ఎంపిక చేస్తున్నాము. ఇరవై సామెతలు, జాతీయాలు ఇచ్చి అర్థాలు రాయిస్తే అభ్యర్థికి నిజంగా తెలుగు వచ్చో రాదో తేలుతుందా?

బడిపంతులు: తప్పకుండా తేలుతుంది. సామెత తెలియనివారికి తెలుగు పైపైనే వచ్చినట్లు లెక్క. కెప్టెన్ కార్ 1868లోనే ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ను ప్రచురించాడు; అందులోంచి ఇరవై ఏరి ఇవ్వండి, వచ్చినవారెవరో రానివారెవరో గంటలో తెలిసిపోతుంది.

కృష్ణాతీరం: పంతులు గారూ, పుస్తకంలో ఉన్నదాన్ని ఎవరైనా బట్టీ పట్టగలరు కదండీ. నేను ఒక ఎంపికలో ఇచ్చిన పేరా చెబుతాను: “అత్తగారు వచ్చేసరికి బియ్యం నిండుకున్నాయి. దేవుడి దగ్గర దీపం కొండెక్కింది. పక్కింట్లో అరువు అడగడానికి కోడలికి నోరు రాలేదు.” అంతకుముందు సామెతల అర్థాలన్నీ సరిగ్గా రాసిన ఒక అభ్యర్థి, ఇంటి నిండా బియ్యం ఉన్నాయనీ, దీపాన్ని ఎవరో కొండ మీదికి చేర్చారనీ అనువదించారు. బియ్యం అయిపోయాయని, దీపం ఆరిపోయిందని నోటితో అనడం అశుభమని మన ఇళ్ళలో పెద్దలు మాట మార్చి చెబుతారు. ఆ సంకోచం తెలియని మనిషికి మూడో వాక్యంలోని అరువు ఎందుకో తోచదు, తోచలేదన్న అనుమానం కూడా రాదు. అందుకే విడి జాబితా ఇవ్వకుండా, ఇలాంటి మాటలు ఎవరూ ఎత్తి చూపకుండానే కలిసిపోయిన పేరా ఇవ్వడం మేలు.

సామెత ఇచ్చినా అర్థం అడగవద్దు, వాడించి చూడండి. మాట్లాడి అలవాటున్నవారు దాన్ని చాలాసార్లు సగంలోనే వదిలేస్తారు. “అడుసు తొక్కనేల అని ఊరుకున్నాను” అంటే కాలు కడగడం సంగతి వినేవారికి చెప్పనక్కరలేదు. ఎక్కడ అనకూడదో తెలియడం ఇంకా పెద్ద గురుతు. పిల్లలు లేక బాధపడుతున్న దంపతుల ఎదుట, సందర్భం ఎంత అతికినా, “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని మనవారెవరూ అనరు. పాత సంకలనాలలో కులాలనూ స్త్రీలనూ కించపరిచే సామెతలు కూడా ఉన్నాయి. వాటిని ఏ వడపోతా లేకుండా వాడేవారు ఆ భాషను మనుషుల మధ్య కాక పుటల మధ్య నేర్చుకున్నారని నాకు అనిపిస్తుంది.

హోసూరు: మా ఇంట్లో తెలుగే మాట్లాడతామండీ, కానీ నేను చదివింది తమిళ మాధ్యమంలో. మా అవ్వ నోట విన్న సామెతలన్నీ నాకు వచ్చు, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతాను. ఈ సందేశం కూడా మా చెల్లెలు టైపు చేసిపెట్టింది. త్వరగా చదవడం ఎలా నేర్చుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

కృష్ణాతీరం: మీ అవ్వ చెప్పిన కథలనే ఎవరిచేతనైనా రాయించుకుని చదవండి, తెలిసిన మాటను కన్ను తొందరగా పోల్చుకుంటుంది. సంపుటి గారూ, వీరు మీ రాత పరీక్షలో తప్పుతారు, కథ చదివి వినిపిస్తే మాత్రం అందులోని ఎత్తిపొడుపును మనకంటే ముందు పట్టుకుంటారు.

ఓరుగల్లు: కృష్ణాతీరం గారి పేరా మంచిదే, అయితే అది ఒక ప్రాంతపు ఇంటి మాటలనే కొలబద్దగా పెట్టుకుంటున్నదేమో చూడండి. “దసరా నాడు మామకు బంగారం పెట్టి కాళ్ళు మొక్కిండు” అని మా వైపు కథలో వస్తే, జీవితమంతా తెలుగులోనే గడిపిన గుంటూరు మనిషి కూడా నగ అనుకునే ప్రమాదం ఉంది. మేము ఆనాడు పెద్దల చేతిలో పెట్టేది జమ్మి ఆకు. దాన్ని తప్పుగా చదివినంత మాత్రాన ఆయనకు తెలుగు రాదని తేలుస్తారా? నా దృష్టిలో మీ పరీక్ష పట్టుకునేది ఊరిని, భాషను కాదు.

బడిపంతులు: బంగారం మాట ఒప్పుకుంటాను. కానీ అనువాదకుడికి అడిగి తెలుసుకునే అలవాటైనా ఉండాలి కదా! ఆకును నగ చేసి అచ్చు వేస్తే కథ పాడైనట్లే, ఆయన ఏ ఊరివాడైతే ఏమి? సామెత రానివారికి తెలుగు పైపైనే వచ్చినట్లన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోను.

సంపుటి: అయితే రెండు ప్రాంతాల పేరాలూ ఇచ్చి, అనుమానం వచ్చిన మాటల కింద గీత గీయమని అభ్యర్థులకు చెబుతాము. బియ్యం దగ్గరగానీ బంగారం దగ్గరగానీ గీత గీసి ఆగినవారిని పిలుస్తాము. రెండింటినీ తడుముకోకుండా తప్పుగా దాటినవారిని వద్దంటాము.

ఓరుగల్లు: గీత గీయమని ముందే చెబితే భయపడి ప్రతి మాట కింద గీసేవారు ఉంటారు. వారిని ఏం చేస్తారు?