“ఉద్యోగం సాధించాను” అంటే గొప్పలు పోయినట్టా?

తిరుపతి: మా తమ్ముడు చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరినాడు. లింక్డిన్‌లో తెలుగులోనే పెడతానని ఇది రాసి నాకు పంపినాడు: “ప్రముఖ కంపెనీలో ఉద్యోగం సాధించానని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. నా కృషిని గుర్తించిన అందరికీ కృతజ్ఞతలు.” చదివితే ఏదో డబ్బా కొట్టుకున్నట్టుంది. తేడా ఎక్కడుందో చెప్పండి.

పలమనేరు: “నేను” తీసేయమను. డబ్బా దానంతటదే పోతుంది.

చంద్రగిరి: ఇందులో “నేను” ఎక్కడుందప్పా? “సాధించాను” అన్నప్పుడు ఆ చివరి “ను”లోనే నేను ఉన్నాడు, వాణ్ణి తీయలేం. చూడాల్సింది క్రియను. పతకం సాధిస్తాం, హక్కులు సాధిస్తాం. ఆ మాటలో గెలుపు ఉంది. “నాకు ఉద్యోగం వచ్చింది” అంటే కర్త ఉద్యోగమే, మనిషి “నాకు” అంటూ పక్కకు జరుగుతాడు. “చేరాను” ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.
అయినా నాకు ఎక్కువ గుచ్చుకున్నది రెండో వాక్యం. “నా కృషిని గుర్తించిన” అన్నాక కృతజ్ఞత పేరు వాళ్లది, పొగడ్త తనది. ఎవరు ఏం చేశారో రాయమనండి.

పుత్తూరు: జాయినింగ్ రిపోర్టులో “తెలియజేయుటకు” ఉండాల్సిందే కదా? మా ఆఫీసులో అట్లే రాస్తాం.

తిరుపతి: ఇది ఆఫీసుకిచ్చే కాగితం కాదన్నా, నలుగురూ చూసేది. చంద్రగిరి సార్, వాళ్ల సీనియర్ అక్క ఒకామె వీడికి బగ్ రిపోర్టు రాయడం నేర్పింది. ఏమేం నొక్కితే తప్పు వచ్చింది, ఏం రావాల్సింది, ఏం వచ్చింది అని వరసగా రాయించేదంట. ఇంటర్వ్యూలో అదే అడిగినారు.

చంద్రగిరి: ఇంకేం, పోస్టు అదే! “సోమవారం చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరాను. బగ్ రిపోర్టు రాయడం అక్క దగ్గర నేర్చుకున్నాను, ఇంటర్వ్యూలో అడిగింది అదే. అంతా ఆమె చలవే.” కంపెనీ పేరు ఉండనీ, “ప్రముఖ” వద్దు.

చిత్తూరు: అక్క మాట పైనే ఉండాలి. ఫోన్లో మొదటి రెండు మూడు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే. ఇంకొకటి, ప్రొఫైల్లో కొత్త ఉద్యోగం ఎక్కించేటప్పుడు నెట్‌వర్క్‌కు తెలియజేసే బటన్ ఒకటుంటుంది. మా కొలీగ్ అది ఆపకుండా ఎక్కించినాడు. పాత ఆఫీసులో చివరి రోజు రాకముందే అందరూ కంగ్రాట్స్ చెప్పేసినారు!

పుత్తూరు: “చలవ” బదులు “ఆమె పుణ్యమా అని” అంటే?

చంద్రగిరి: జాగ్రత్త. “వాన పుణ్యమా అని చెరువు నిండింది” అంటాం, “వీడి పుణ్యమా అని బస్సు తప్పింది” అనీ అంటాం. రాతలో గొంతు వినబడదు, వెటకారం అనుకునే వీలుంది.

పలమనేరు: అంతా అక్క చలవే అంటే ఇంక వాడు చదివిందేమయింది సార్? రాత్రులు కూర్చుని చదివినోడు “సాధించాను” అంటే తప్పేంది?

చంద్రగిరి: తప్పని నేననలేదు. ఆ మాట వాళ్లమ్మ అంటే బాగుంటుంది.

పలమనేరు: వాళ్లమ్మ లింక్డిన్‌లో లేదు కదా సార్.