అప్‌డేట్: బయాస్ రిస్క్, పొంతన లేని ఫలితాలు, రెండింటికీ గ్రేడ్ తగ్గించాలా?

నా ప్రశ్న: మోకాలి నొప్పికి వ్యాయామంపై రివ్యూలో ట్రయల్స్‌కి పొంతన లేదు, బయాస్ రిస్క్ కూడా ఉంది. GRADE పద్ధతిలో ఆధారాల మీద నమ్మకాన్ని 'హై' నుంచి రెండు మెట్లు దించి 'లో' ఇవ్వాలా?

అప్‌డేట్: అందరికీ థాంక్స్. బయాస్ రిస్క్‌ని బట్టి ట్రయల్స్‌ని విడదీసి చూడమన్న సలహాతోనే తేలింది. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్తారో ముందే తెలిసిపోయే ట్రయల్స్‌లో లాభం చాలా పెద్దగా ఉంది, సరిగ్గా దాచిన వాటిలో చిన్నదే, పైగా వాటి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ ఒకదానిమీద ఒకటి బాగానే పడుతున్నాయి. అంటే తేడాకి కారణం బయాసే. అందుకే మంచి ట్రయల్స్ అంచనానే ప్రధానంగా తీసుకున్నాం, పొంతనకి మార్కు కోయలేదు. కానీ వాటిలోనూ వ్యాయామం చేస్తున్నామని పేషెంట్లకి తెలుసు, నొప్పి స్కోరు చెప్పేదీ వాళ్లే, కాబట్టి బయాస్‌కి ఒక మెట్టు దించి 'మోడరేట్' ఇచ్చాం. ఆ ట్రయల్స్ మధ్య కూడా కారణం దొరకని తేడా ఉండుంటే 'లో' ఇచ్చేవాళ్లమే.

పొంతన లేని సమస్యకి రాండమ్ ఎఫెక్ట్స్ మోడల్‌కి మారడం పనికిరాలేదు, దానివల్ల ఇంటర్వెల్ వెడల్పయింది తప్ప ట్రయల్స్ మధ్య తేడాని చూపే I² మారలేదు.