అప్‌డేట్: గోల్డ్ లోన్ కరపత్రానికి ఫొటోనా, బొమ్మనా?

నేను అడిగింది: ఊళ్ళలో రైతు కుటుంబాలకి పంచే బ్యాంకు గోల్డ్ లోన్ కరపత్రానికి ఫొటో మేలా, గీసిన బొమ్మ మేలా?

చివరికి రెండూ వాడాం, కానీ వేర్వేరు పనులకి. ముందు స్టాక్ ఫొటోతో శాంపిల్ వేసి బ్రాంచికి వచ్చినవాళ్ళకి చూపిస్తే, ఒక పెద్దావిడ "ఈమె మన వైపు మనిషి కాదమ్మా, మెడలో పుస్తెలేవీ?" అనేసింది. మాకు అసలు తట్టలేదు! పూర్తిగా బొమ్మలతో వేసింది చూపిస్తే "పిల్లల పుస్తకంలా ఉంది, నా గొలుసు ఎవరి చేతిలో పెడుతున్నానో తెలియాలి కదా" అన్నారు, అదే అసలు భయం.

అందుకని పైన మా కౌంటర్‌లోనే తీసిన ఫొటో పెట్టాం, కస్టమర్ కళ్ళముందే అప్రైజర్ నగ తూస్తున్నది, ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకుని. కింద తూకం, నాణ్యత పరీక్ష, రసీదు, విడిపించుకోవడం మాత్రం గీతల బొమ్మలే, ఎందుకంటే చవక కాగితం సిరా పీల్చేసి చిన్న ఫొటోలు నల్లబడిపోయాయి, గీతలు మాత్రం స్పష్టంగా వచ్చాయి.

ఒక్క ఇబ్బంది, ఆ అప్రైజర్ మానేస్తే ఫొటో మళ్ళీ తీయాలి. యాప్‌లో ఇచ్చే పర్సనల్ లోన్‌కి బొమ్మలే ఉంచేశాం, అక్కడ చూపించడానికి కౌంటరే లేదుగా.