పది మీటర్లలో పదో వంతు తగ్గిన అలను సొలిటరీ అల అనొచ్చా?

అద్దాలకాలువ:
15 మీటర్ల గాజు ఫ్లూమ్, వెడల్పు 30 సెం.మీ., నీటి లోతు 10 సెం.మీ. పిస్టన్ ప్యాడిల్‌తో ఒకే ఒక్క అల పంపుతున్నాం. 2 మీటర్ల దగ్గర గేజ్‌లో ఎత్తు 20 మి.మీ., 12 మీటర్ల దగ్గర 18 మి.మీ. వెనకాల తోకలా 1–2 మి.మీ. చిన్నలలు కూడా వస్తున్నాయి. ఆకారం మారకుండా పోయేదే సొలిటరీ అల అంటారు కదా, మరి దీన్ని ఆ పేరుతో పిలవొచ్చా? ల్యాబ్‌లో మాలో మాకే పడటం లేదు.

పెన్సిల్‌గీత:
నిస్సందేహంగా పిలవొచ్చు. శిఖరం కింద నీటి లోతు ఎక్కువ కాబట్టి అక్కడ వేగం ఎక్కువ. అందుకే అల ముందుకు వాలిపోవాలని చూస్తుంది. డిస్పర్షన్, అంటే వేర్వేరు పొడవుల అలలు వేర్వేరు వేగాలతో పోవడం, దాన్ని వెనక్కి పరుస్తుంది. ఈ రెండూ సరిసమానం అవుతాయి కాబట్టి లోతు తక్కువ కాలువలో ఏ గుట్ట వదిలినా అలాగే నిలబడి పోతుంది. తగ్గిన ఆ 2 మి.మీ. ఘర్షణ ఖాతాలో రాసేయండి.

మొండివాది:
ఇదే నాకు నచ్చని వాదన. ఆకారం మారనిది అని నిర్వచించి, మారగానే ఘర్షణ ఖాతాలో వేస్తే ఇక దేన్నైనా సొలిటరీ అల అనొచ్చు. మామూలు నీటి గుట్ట కూడా పది మీటర్లలో పది శాతం తగ్గుతూ పోవచ్చు కదా. 1834లో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కెనాల్‌లో స్కాట్ రస్సెల్ గుర్రమెక్కి వెంటబడిన అల కూడా ఎత్తు తగ్గుతూనే పోయింది, మైలో రెండు మైళ్లో పోయాక కాలువ వంపుల్లో ఆయనకు కనిపించకుండా పోయింది. సొలిటరీ అల సమీకరణంలో ఉన్న వస్తువు. నీళ్లలో ఉన్నది దాని పోలిక మాత్రమే.

లోతుకొలత:
ముందు పెన్సిల్‌గీత గారి మాట సగం సరిచేయాలి. రెండు శక్తులూ ఉన్నంత మాత్రాన ఏ గుట్టా నిలబడదు. ఒక ఎత్తుకు ఒకే ఒక పొడవు కుదురుతుంది. అద్దాలకాలువ గారి లెక్కే తీసుకుందాం. లోతు h, శిఖరం ఎత్తు a, అల వేగం c, t సమయంలో x దగ్గర నీటిమట్టం పెరుగుదల η అనుకుంటే ఆకారం

`η = a·sech²(k(x − ct))`, `k = sqrt(3a/4h³)`

10 సెం.మీ. లోతు, 20 మి.మీ. ఎత్తుకు k మీటరుకు 3.87. సగం ఎత్తు దగ్గర అల పొడవు 45 సెం.మీ. పైచిలుకు. అదే ఎత్తుతో 1 మీటరు పొడవున్న గుట్ట వదిలితే అది ఆకారం నిలుపుకోదు. పొడవు ఎక్కువైన చోట డిస్పర్షన్ బలహీనం, ఎత్తును బట్టి వేగం పెరగడం అనే నాన్‌లీనియారిటీదే పైచేయి. అందుకని గుట్ట ముందుభాగం నిటారుగా లేచి, విడిపోతుంది.

ఎలా విడిపోతుందో చూడటం తేలికే. ఫ్లూమ్ చివర గోడకు అర మీటరు దూరంలో గేటు పెట్టి, వెనక నీటిమట్టం 40 మి.మీ. ఎక్కువ ఉంచి, గేటు ఒక్కసారిగా ఎత్తండి. సగం నీరు నేరుగా వస్తుంది, సగం గోడకు తగిలి వెనక చేరుతుంది. అంటే 20 మి.మీ. ఎత్తు, 1 మీటరు పొడవున్న పెట్టె లాంటి గుట్ట కాలువలో బయలుదేరినట్టు. ఇలాంటి అలలకు కొర్టెవెగ్, డి వ్రీస్ ఇచ్చిన కేడీవీ సమీకరణం లెక్క ప్రకారం ఇందులోంచి సరిగ్గా రెండు సొలిటరీ అలలు పుడతాయి. ముందుది 33 మి.మీ., వెనకది 14 మి.మీ. మొదలెట్టిన గుట్ట కన్నా ముందు అల ఎత్తే ఎక్కువ, చూసిన వాళ్లకు గేజ్ తప్పు చెప్తోందేమో అనిపిస్తుంది. మిగిలింది చిన్న తోక. పొడవైన ఫ్లూమ్ ఉంటేనే రెండూ స్పష్టంగా విడివడతాయి. ఇంకోటి, గుట్ట బదులు గుంట వదిలితే, అంటే గేటు వెనక మట్టం తక్కువ పెడితే, ఒక్క సొలిటరీ అలా పుట్టదు. తోకే పుడుతుంది. బ్యాలెన్స్ అంటే తూకంలో రెండు రాళ్లు సమానంగా పెట్టడం కాదు. అల తనంతట తాను విడిపోయి, సరిపోయే ఆకారాలు ఏరుకోవడం.

ఇక మొండివాది గారికి. డిస్పర్షన్ ఇక్కడ నిజంగా పని చేస్తోందా లేదా అన్నది ఎత్తు తగ్గడంలో తెలియదు, అల విరగకపోవడంలో తెలుస్తుంది. డిస్పర్షన్ తీసేసి లెక్క వేస్తే, అల అడుగుభాగం సెకనుకు 0.99 మీటర్లు పోతుంది, శిఖరం దాదాపు 1.29 మీటర్లు పోతుంది. ఆ తేడాతో ఈ అల 1.1 సెకన్లలో, మీటరు పైచిలుకు దూరంలోనే నిటారు గోడై విరగాలి. 12 మీటర్లు సాఫీగా వెళ్లింది. అంటే విరగాల్సిన దూరానికి పది రెట్లు దాటాక కూడా దాన్ని పట్టి ఉంచినది ఏదో ఉంది. 1845లో ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ, ఆకారం మారని అల ఉండదని రస్సెల్‌ను కాదన్నది ఇక్కడే. శిఖరం కింద నీరు వంపు తిరిగి ప్రయాణిస్తుంది కాబట్టి అక్కడి పీడనం లోతును బట్టి లెక్కవేసినంత ఉండదు, తక్కువ ఉంటుంది. ఆ లోటే అలను ముందుకు వాలనివ్వదు. ఎయిరీ లెక్కలో ఆ లోటు లేదు.

తూముగేటు:
మా కాలువలో ఇది రోజూ కనిపిస్తుంది సార్. రెగ్యులేటర్ షట్టర్ ఒక్కసారిగా ఎత్తితే కిందికి అలల వరస పోతుంది, మొదటిది పెద్దది, వెనక చిన్నచిన్నవి. గట్టు వెంబడి నురగ కడుతుంది. సొలిటరీ అల అంటే ఇదేగా? ఎంత దూరం పోతుందో లెక్క ఉంటే రివెట్‌మెంట్ ఎక్కడిదాకా వేయాలో చెప్పుకోవచ్చు.

లోతుకొలత:
కాదండి, దగ్గరి చుట్టం మాత్రమే. షట్టర్ ఎత్తి అలాగే ఉంచితే నీరు వస్తూనే ఉంటుంది. గుట్ట కాదు, మెట్టు. మెట్టు ముందు భాగం అలల వరసగా విడిపోతుంది. మొదటి అల మెట్టు ఎత్తుకు దాదాపు రెట్టింపు దాకా లేవొచ్చు. నీరు ఆగేదాకా వరస పెరుగుతూనే పోతుంది, కాబట్టి ఒంటరి అల అని విడిగా చూపించడానికి ఏమీ ఉండదు. ఇక నురగ సంగతి: మీది వాలు గట్ల కాలువ. గట్టు దగ్గర లోతు సున్నా, అక్కడ అల ఎత్తు లోతు కన్నా ఎక్కువై అంచున విరుగుతూ పోతుంది. గాజు ఫ్లూమ్ నిలువు గోడల లెక్క మీ రివెట్‌మెంట్‌కు పనికిరాదు. కాలువ అంచున గేజ్ పెట్టి నేరుగా కొలవడమే మంచిది.

పళ్లెంలోనీళ్లు:
ప్లాస్టిక్ ట్రేలో అర సెం.మీ. నీళ్లు పోసి స్కేలుతో తోస్తే ఒంటరి అల ఎంతకీ రాదు. ముక్కలుముక్కలవుతోంది. లోతు తక్కువ అన్నారు కదా, ఇంకా తగ్గించాలా?

లోతుకొలత:
పెంచాలి. 4.7 మి.మీ. దగ్గర తలతన్యత వచ్చి డిస్పర్షన్‌ను రద్దు చేస్తుంది. మీ అర సెం.మీ. సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంది. కనీసం 4–5 సెం.మీ. పోయండి.

మొండివాది:
విరగలేదన్నది ఒప్పుకుంటా. కానీ ప్రశ్న 18 మి.మీ. గురించి. ఘర్షణ అంటున్నారు, ఎంత ఘర్షణో చెప్పగలరా? చెప్పలేకపోతే అది సాకు.

లోతుకొలత:
చెప్పొచ్చు. 1948లో క్యూలిగన్ ఇచ్చిన సూత్రం ఉంది, అడుగునా గోడలకూ ఉండే పలచటి స్నిగ్ధ పొరలో పోయే శక్తి లెక్క. మొదటి ఎత్తు, లోతు, వెడల్పు, నీటి స్నిగ్ధత, దూరం ఇస్తే చాలు, సర్దుబాటు చేసుకోవడానికి అందులో ఏ అంకె లేదు. 30 సెం.మీ. వెడల్పు గాజు ఫ్లూమ్‌లో 10 మీటర్లకు 20 మి.మీ. నుంచి 17.8 మి.మీ. వస్తుంది. కొలిచింది 18. ఇది సాకు కాదు, ముందే చెప్పగలిగిన నష్టం. గోడలు కూడా లెక్కలో ఉండటం వల్ల ఇరుకు ఫ్లూమ్‌లో నష్టం ఎక్కువ.

అయినా మీ అనుమానం పూర్తిగా తీరడానికి మరో పరీక్ష ఉంది. ఎత్తు తగ్గితే సొలిటరీ అల వెడల్పు పెరగాలి, ఎత్తు వర్గమూలానికి విలోమంగా. మామూలు గుట్ట ఏదైనా ఎత్తు తగ్గుతూ పోతే అలా ఖచ్చితంగా సాగాలన్న నియమం లేదు. 2 మీటర్ల గేజ్ దగ్గర సగం ఎత్తు పైన అల ఉన్న సమయం 0.42 సెకను ఉండాలి. 12 మీటర్ల దగ్గర 17.8 మి.మీ. కు 0.45 సెకను. శాంప్లింగ్ 100 హెర్ట్జ్ అయితే మూడు శాంపుళ్ల తేడా. వెడల్పు మారకుండా ఎత్తు మాత్రమే తగ్గుతూ ఉంటే ఈ సమయం మారేది కాదు.

పెన్సిల్‌గీత:
అయితే ఎత్తు తగ్గి వెడల్పు పెరిగితే ఘనపరిమాణం అంతే ఉంటుందా?

లోతుకొలత:
ఉండదు. ఎత్తు వర్గమూలంతో తగ్గుతుంది, ఇక్కడ 6 శాతం దాకా. ఆ నీరు వెనకాల పలచటి పొరలా మిగులుతుంది. పది మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి మిల్లీమీటరులో చిన్న భాగమే, మామూలు గేజ్‌కు తెలియదు. అందుకే 1–2 మి.మీ. తోకకు ఘర్షణను తప్పుపట్టకూడదు, అది ప్యాడిల్ పుట్టించినది. ప్యాడిల్ వేగం ఎలా ఇస్తున్నారు?

అద్దాలకాలువ:
అల సూత్రంలో x = 0 పెట్టి, η బట్టి వేగం ఇస్తున్నాం. స్ట్రోక్ మొత్తం 10 సెం.మీ. పైచిలుకు.

లోతుకొలత:
తప్పు అక్కడ ఉంది. ప్యాడిల్ ఒక చోట నిలబడి లేదు, ముందుకు పోతూ ఉంది. అది ఉన్న చోట అల ఎత్తు ఎంతో అదే లెక్కలోకి రావాలి, మొదట ఉన్న చోటుది కాదు. పైగా నీరు కూడా నిలువునా లోతంతా కదలాలి, కాబట్టి కింద h+η తో భాగించాలి.

```
k = sqrt(3*a/(4*h**3))
c = sqrt(g*(h+a))
eta = a/cosh(k*(c*t - X))**2
dX/dt = c*eta/(h+eta)
```

ఇందులో X ప్యాడిల్ స్థానం. మీ అలకు మొత్తం స్ట్రోక్ 10.3 సెం.మీ., కదలిక సుమారు 1.9 సెకన్లు. స్ట్రోక్ సరిపోయినా వేగం పంపకం తప్పితే తోక వస్తుంది. ఒక చుక్క రంగు నీళ్ల మధ్యలో వదిలి చూడండి, అల దాటాక అది 10 సెం.మీ. పైచిలుకు ముందుకు జరిగి ఆగిపోవాలి, వెనక్కి రాకూడదు. ప్యాడిల్ ఎంత తోసిందో నీరూ అంతే జరిగిందన్న సాక్ష్యం.

అద్దాలకాలువ:
X పెట్టి మళ్లీ నడిపాం. తోక అర మి.మీ.కు పడింది, పూర్తిగా పోలేదు. సగం ఎత్తు సమయాలు 0.42, 0.45. రంగు చుక్క 9.8 సెం.మీ. జరిగింది.

మొండివాది:
మూడు శాంపుళ్ల తేడా మీద వాదన గెలవరు. ఒక్క రన్‌లో కొలతల ఊగిసలాట దానికన్నా ఎక్కువ ఉండొచ్చు. పది రన్లు చేసి, నీరు పూర్తిగా నిలిచాకే తర్వాతిది మొదలుపెట్టి, సగటు చెప్పండి. అప్పటిదాకా నేను దీన్ని "సొలిటరీ అలకు దగ్గరగా వెళ్లే అల" అనే అంటాను.

లోతుకొలత:
పేరు దగ్గర మీరూ నేనూ ఏకీభవించం. రన్ల దగ్గర ఏకీభవిస్తా. చుక్క 5 మి.మీ. తక్కువ జరగడం చూస్తే ప్యాడిల్ పక్కల గాజుకూ పలకకూ మధ్య సందు ఉందేమో, నీరు వెనక్కి కారుతోందేమో. రబ్బరు పట్టీ వేసి ఆ పది రన్లు చేయండి. మిగిలిన అర మి.మీ. తోక ఎంతకు పడుతుందో కూడా రాయండి.